చెల్లించే శక్తి ఉండగానే

కలిసిరాని వ్యాపారాన్ని ఎప్పుడు ఆపాలి? ఈ ప్రశ్నకు జవాబు ధైర్యంలోనో పట్టుదలలోనో వెతుకుతాం. నిజానికి అది లెక్కల పుస్తకంలో ఉంటుంది. ఒక కర్రీ పాయింట్‌ను ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

భార్యాభర్తలిద్దరూ నడుపుతున్న కొట్టు అది. నెలకు 1,80,000 రూపాయల అమ్మకం. సరుకులకు 95,000, ఇద్దరు పనివాళ్ల జీతాలకు 40,000, అద్దెకు 25,000, గ్యాస్, కరెంటు, ప్యాకింగ్‌కు 18,000 పోతే మిగిలేది 2,000. నష్టమేమీ లేదు కదా అనిపిస్తుంది. కానీ ఇల్లు గడవడానికి నెలకు 30,000 కావాలి. అంటే ప్రతి నెలా 28,000 చేబదుళ్లతో సర్దుకుంటున్నారు. కొట్టు పుస్తకంలో కనబడని ఈ అప్పే అసలు నష్టం. ఇంటి ఖర్చును కూడా కొట్టు లెక్కలో రాసినప్పుడే అది బయటపడుతుంది.

ఇక్కడ మూసేయాలా, దారి మార్చాలా? వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నా డబ్బు మిగలడం లేదంటే లోపం ధరలోనో, రాత్రికి పారబోస్తున్న కూరల్లోనో ఉంది. అప్పుడు దారి మార్చి చూడొచ్చు. రకాలు తగ్గించి, ముందుగా ఆర్డర్ తీసుకున్న మధ్యాహ్నం క్యారియర్లకే పరిమితం కావచ్చు. అలా కాకుండా, దగ్గరలోని ఆఫీసులు ఖాళీ అయి వీధిలో జనమే తగ్గిపోతే కూరల రుచి ఎంత పెంచినా ఫలితం ఉండదు.

దారి మార్చేటప్పుడు గడువు, అంకె రెండూ ముందే కాగితం మీద రాసుకోవాలి. ‘ఒక నెలలో మిగులు 30,000కు చేరకపోతే మూసేద్దాం’ అని ఇద్దరూ ఒప్పుకోవాలి. ముందుగా రాసుకోకపోతే, పండగ వారంలో పెరిగిన అమ్మకం చూసి గడువు మళ్లీ పొడిగిస్తాం.

పెట్టిన డబ్బు మీద మమకారం మన చూపును కప్పేస్తుంది. 1985లో ఇంటెల్ సంస్థ మెమరీ చిప్‌ల వ్యాపారంలో జపాన్ కంపెనీల పోటీకి తట్టుకోలేకపోయింది. అప్పుడు ఆండీ గ్రోవ్ తన సహచరుడు గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగారు. మనల్ని తీసేసి కొత్త అధిపతిని తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీ చిప్‌లు వదిలేస్తాడన్నారు మూర్. ఆ పని మనమే ఎందుకు చేయకూడదన్నారు గ్రోవ్. కంపెనీ మైక్రోప్రాసెసర్ల వైపు మళ్లింది. కర్రీ పాయింట్‌కూ ఇదే ప్రశ్న పనికొస్తుంది. ఈ కొట్టును, ఈ లెక్కలతో, ఇవాళ కొత్తగా ఎవరైనా తీసుకుంటారా?

మూసేయాలనుకుంటే రెండో లెక్క వేయాలి. సరుకు ఇచ్చినవాళ్లకు బాకీ 60,000, పనివాళ్లకు ఒక నెల జీతం 40,000, ఒప్పందం ప్రకారం నోటీసు కాలపు అద్దె 50,000. మొత్తం 1,50,000. వచ్చేవి: ఇంటి యజమాని దగ్గరున్న అడ్వాన్స్ 1,00,000, గ్రైండర్, ఫ్రీజర్, గిన్నెలు అమ్మితే 60,000, చేతిలో 20,000. మొత్తం 1,80,000. ఇవాళ మూసేస్తే ఈ బాకీలన్నీ చెల్లించి 30,000 మిగులుతుంది. చేబదుళ్లు నెలకు 28,000 చొప్పున పెరుగుతున్నాయి కాబట్టి, ఇంకో రెండు నెలలు లాగితే ఎవరో ఒకరికి ఎగ్గొట్టక తప్పదు. పాత చేబదుళ్లు ఇంకా తీరకుండా ఉంటే ఆ గడువు మరింత దగ్గరవుతుంది. గౌరవంగా మూసేయగలిగే ఆఖరి తేదీని ఈ లెక్కే చెబుతుంది. దారి మార్చి చూసే ప్రయోగం కూడా ఆ తేదీలోపే ముగియాలి.

తర్వాత ఎవరికి ముందు చెప్పాలన్నది ముఖ్యం. మొదట పనివాళ్లకు చెప్పాలి. వేరే పని వెతుక్కోవడానికి వాళ్లకు కనీసం నెల వ్యవధి కావాలి. తెలిసిన హోటళ్లలో మీరే మాట్లాడిపెడితే మరీ మంచిది. తర్వాత సరుకు ఇచ్చినవాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లి, ఏ తేదీకి ఎంత ఇస్తారో చెప్పాలి. ఫోన్ ఎత్తకుండా తప్పించుకుంటే బాకీ చిన్నదైనా పేరు పోతుంది. ఇంటి యజమానికి నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారో రాయించుకోవాలి. ఫంక్షన్లకు తీసుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేయాలి.

కాగితాల పని మరిచిపోవద్దు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే పోర్టల్‌లో రద్దుకు దరఖాస్తు చేయాలి. సాధారణ పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు రద్దయ్యాక మూడు నెలల్లో GSTR-10 అనే చివరి రిటర్న్ కూడా వేయాలి. షట్టర్ దించేసి రిజిస్ట్రేషన్ అలాగే వదిలేస్తే, అమ్మకం లేకపోయినా రిటర్నులు వేయాల్సిందే, వేయకపోతే ఆలస్య రుసుము పడుతుంది. రావాల్సిన డబ్బంతా వచ్చాకే కరెంట్ అకౌంట్ మూసేయాలి.

ఇలా మూసేసిన మనిషికి ఆ బజారులోనే మళ్లీ సరుకు అప్పుగా పుడుతుంది. అందుకే వ్యాపారం బాగున్నా సరే, ప్రతి నెలాఖరునా రెండు అంకెలు రాసుకోండి: ఇంటి ఖర్చు పోగా మిగిలిందెంత, ఇవాళ మూసేస్తే అందరికీ చెల్లించాక మిగిలేదెంత. మొదటిది సున్నా కిందికి దిగి, రెండోది సున్నాకు దగ్గరవుతుంటే నిర్ణయం తీసుకునే సమయం వచ్చినట్టే.