సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోతే

ఫోను పైభాగంలో కనిపించే గీతలు ఒక్క విషయాన్నే తెలుపుతాయి: టవరు నుండి వచ్చే రేడియో సంకేతం ఎంత బలంగా అందుతున్నదో. ఆ టవరు దాటి ఇంటర్నెట్‌కు దారి తెరుచుకున్నదా లేదా అన్నది వాటిలో కనిపించదు. 4జీలో మాటల కాల్‌కు ఒక ద్వారం, ఇంటర్నెట్‌కు మరొక ద్వారం ఉంటాయి. కనుక కాల్ చక్కగా వెళ్తూనే, చెల్లింపు యాప్ మాత్రం తిరుగుతూ ఉండిపోవచ్చు. ఇంటర్నెట్ ద్వారం పేరును ఫోనులో ఏపీఎన్ అంటారు.

ఒడిశాలోని బరంపురం నుండి పనికై బెంగళూరు వచ్చిన ఒక తెలుగు కార్మికుడు తన నంబరును మరొక సంస్థకు, బీఎస్ఎన్ఎల్‌కు, మార్చుకున్నాడు. గీతలు నిండుగా ఉన్నాయి, ఇంటికి కాల్ వెళ్తున్నది, కాని వారపు కూలి ఇంటికి పంపబోతే యాప్ తెరుచుకోలేదు. దుకాణంలో ఫోను పాడైందని, కొత్తది కొనమని చెప్పారు. కొనే ముందు అతడు పొరుగింటి వ్యక్తికి ఫోను చూపించడం మంచిదయింది.

ఆయన మొదట రోజువారీ డేటా అయిపోయిందేమోనని చూశాడు. అయిపోతే చాలా ప్లాన్లలో వేగం బాగా తగ్గుతుంది కాని పూర్తిగా ఆగదు. వాట్సాప్‌లో అక్షరాల సందేశమైనా ఆలస్యంగా చేరుతుంది. ఇక్కడ అదీ చేరలేదు. రద్దీవల్ల అయితే రాత్రి పొద్దుపోయాక దానంతటదే సరిపడుతుంది. ఇది రెండు రోజులుగా అలాగే ఉన్నది. ఒక నిమిషం ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి తీసినా మార్పు లేదు.

అప్పుడు సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్, అందులో Access Point Names తెరిచాడు (కొన్ని ఫోన్లలో ఇది సిమ్ పేరు కింద ఉంటుంది). APN గడిలో ఎవరో `bsnl net` అని టైపు చేశారు. మధ్యలోని ఆ ఖాళీయే కారణం. ఉండవలసినది:

```
bsnlnet
```

దాన్ని సరిచేసి, వినియోగదారు పేరు, పాస్‌వర్డ్ గడులను ఖాళీగా వదిలి, పై మూలన సేవ్ నొక్కి, ఆ వరుస పక్కనున్న గుండ్రని చుక్కను ఎంచుకున్నాడు. సేవ్ చేసి చుక్కను ఎంచుకోక వదిలేసేవారే ఎక్కువ. ఫోను ఆపి తెరవగానే గీతల పక్కన 4G అక్షరాలు వచ్చాయి. డబ్బు ఆ సాయంత్రమే ఇంటికి చేరింది.

ఇతర సంస్థల సిమ్‌లో జియోకు `jionet`, ఎయిర్‌టెల్‌కు `airtelgprs.com` అని ఉండాలి. టైపు చేయడం ఇబ్బందైతే అదే పేజీలో Reset to default నొక్కవచ్చు. జాబితా ఖాళీ అయితే మాత్రం చేత్తో నింపక తప్పదు.

పేరు సరిగా ఉన్నా రాకపోతే, ఆ సిమ్‌ను మరొకరి ఫోనులో వేసి చూడండి. అక్కడ నెట్ వస్తే లోపం మీ ఫోనుది. అక్కడా రాకపోతే ఆ నంబరుకు డేటా సేవ సంస్థ వద్దనే ఆగి ఉన్నదని భావించి, 198కి కాల్ చేసి, ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసుకోండి.