బండ మీది నీళ్ళు ఎటు పోయినయి?

హన్మకొండ

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. పిల్లల్ని పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట ఎక్కించినప్పుడు, బండ మీద చిన్న గుంట ఎండిపోయి ఉండడం చూసి రెండో తరగతి పిల్ల "టీచర్, మొన్న వానకు ఇండ్ల నీళ్ళుండె, ఎటు పోయినయి?" అని అడిగిందనీ, "సూర్యుడు తాగిండు" అని చెప్పేశాక నీకే మనసొప్పలేదనీ రాశావు. ఏడేళ్ళ పిల్లకు అణువులూ, ఉష్ణశక్తీ చెప్పలేం కదా, మరేం చెప్పాలని అడిగావు.

ముందు ఆ పిల్ల ప్రశ్నను గమనించు. ఎర్రమట్టి నేల మీద నీళ్ళు పోయాయంటే ఇంకిపోయాయని సరిపెట్టుకుంటుంది. బండ తాగదని ఆమెకు తెలుసు. గుంటకు గట్టు ఉంది కాబట్టి పారిపోయే దారి కూడా లేదు. రెండు దారులూ మూసుకున్నాయి గనుకే అడిగింది. అంత దూరం ఆలోచించిన పిల్లకు సూర్యుడి కథ చెబితే ఆ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. పైగా ఆ కథ నిలబడదు. తుడిచిన పలక నీడలోనూ ఆరుతుంది, దండెం మీద బట్టలు రాత్రి పూట కూడా ఆరుతాయి. అప్పుడు తాగింది ఎవరు?

"ఆవిరైపోయింది" అని చెప్పడం కూడా చాలదు. ఆ పిల్ల ఆ మాట పట్టుకొని పరీక్షలో రాస్తుంది, నీళ్ళు ఎక్కడున్నాయో మాత్రం తెలియదు. ఇక బుజ్జి నీటిచుక్క అమ్మను వదిలి ఆకాశానికి షికారు పోయిందనే పాఠాలున్నాయి చూడు, అవి నాకు అసలు నచ్చవు. నీళ్ళకు ఒక కోరిక ఉందని పిల్ల నమ్ముతుంది. మూత పెట్టిన బిందెలో నీళ్ళకు ఆ కోరిక ఎందుకు లేదో నువ్వు చెప్పలేవు.

నేను పెట్టుకున్న కొలత ఒకటే. చిన్నపిల్లకు ఎంతైనా తక్కువ చెప్పవచ్చు, కానీ చెప్పిన ముక్కను తొమ్మిదో తరగతిలో ఇంకో టీచరు కొట్టేయాల్సిన అవసరం రాకూడదు. ఆ కొలతకు నిలిచే వాక్యం ఇది: "నీళ్ళు మన కంటికి కనబడనంత చిన్న చిన్న నలుసులతో అయినయి. ఆ నలుసులు ఎప్పుడూ కదులుతుంటయి. పైన ఉన్నవాటిలో కొన్ని ఎగిరి గాలిలో కలుస్తయి." ఇందులో అబద్ధం లేదు. రేపు నలుసుకు అణువు అనే పేరు వస్తుంది, అంతే. "చిన్న చిన్న చుక్కలు" అని మాత్రం అనకు. గాలిలో కలిసినవి చుక్కలు కావు, చుక్క ఎంత చిన్నదైనా అందులో కోట్లకు కోట్ల నలుసులుంటాయి.

మాటతో ఆపొద్దు. ఒక చాటలో గుప్పెడు పెసలు పోసి పిల్లల ముందు మెల్లగా అదిలించు. గింజలన్నీ కదులుతాయి, ఎక్కడో ఒకటి అంచు దాటి పడుతుంది. గట్టిగా అదిలిస్తే ఎక్కువ పడతాయి. ఎండలో నీళ్ళు తొందరగా ఆరడం అట్లాంటిదే, వేడికి నలుసుల కదలిక పెరుగుతుంది. నీడలో కదలిక తక్కువే గానీ ఆగిపోదు, అందుకే పలక నీడలోనూ ఆరుతుంది. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వే చెప్పు: చాటను మనం ఊపుతున్నాం, నీళ్ళ నలుసుల్ని ఎవరూ ఊపరు, వాటంతట అవే కదులుతాయి. "ఎందుకు కదులుతయి?" అని ఎవరైనా అడిగితే "అన్ని వస్తువుల నలుసులూ కదులుతూనే ఉంటయి, రాయిలో కూడా" అని చెప్పి ఊరుకో. అది నిజమే.

తర్వాత రెండు స్టీలు పళ్ళేలు, ఒక గ్లాసు తీసుకో. మూడింటిలోనూ ఒక్కో చెంచా నీళ్ళు పొయ్యి. స్టీలు నీళ్ళు పీల్చదు కాబట్టి ఇంకిపోయాయనే వాదన రాదు. పళ్ళేల్లో నీళ్ళను వేలితో పలుచగా పరిచి, ఒక పళ్ళేనికి గట్టిగా మూత పెట్టు. అన్నీ వరండా నీడలోనే ఉండాలి. ఏది ముందు ఆరుతుందో ముందే పిల్లలతో చెప్పించి బోర్డు మీద రాయి. మూతలేని పళ్ళెం ముందు ఆరుతుంది. గ్లాసుకు చాలా సేపు పడుతుంది, ఎందుకంటే అదే చెంచా నీళ్ళకు గాలి తగిలే చోటు తక్కువ. మూత కింది నీళ్ళు దాదాపు అట్లాగే ఉంటాయి, ఎగిరిన నలుసులు బయటికి పోలేక మళ్ళీ నీళ్ళలోకే వచ్చి పడుతుంటాయి. ఇదంతా నువ్వు చెప్పకు. "మూత ఏం చేసింది?" అని మాత్రం అడుగు.

ఇప్పుడు అసలు చిక్కు. ఎగిరిపోయిన నలుసులు నిజంగా గాలిలో ఉన్నాయని ఎట్లా తెలుస్తుంది? ఐసు ముక్కలు వేసిన స్టీలు గ్లాసు పక్కన పెడితే కాసేపటికి బయట చెమ్మ పడుతుంది. లోపలి నీళ్ళే కారాయని సగం మంది అంటారు. వాళ్ళను తప్పు పట్టకు, చిటికెడు పసుపు లోపల కలుపు. బయటి చుక్కలు పచ్చగా లేవు, రంగు లేకుండానే ఉన్నాయి. ఇంకా నమ్మకపోతే, మూత బిగించిన చల్లటి నీళ్ళ సీసాను కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టి వదిలెయ్యి. కారితే బరువు పెరగదు, బయటి నుంచి వచ్చి అంటుకుంటేనే పెరుగుతుంది. బరువు కొంచెం పెరిగేది కళ్ళ ముందే కనిపిస్తుంది. అయితే ఇది వానకాలంలో చెయ్యి. మే నెల పొడి గాలిలో చెమ్మ అంత బాగా పట్టదు, పాఠం చెడుతుంది.

చల్లటి గిన్నెకు పట్టిన చుక్కలతో పాఠం చెప్పడం కొత్తేమీ కాదు. 1860 చివర్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఉపన్యాసాలిచ్చాడు. మంట పైన ఐసు, ఉప్పు నింపిన గిన్నె పట్టి, దాని అడుగున పట్టిన చుక్కల్ని చూపించాడు. అవి నీళ్ళేనని తన మాట మీద నమ్మమనలేదు, పొటాషియం ముక్క తగిలించి అది మండడం చూపించాడు. పిల్లల్ని తక్కువ చేయకపోవడం అంటే అది. మీ పాలకుర్తి సోమనాథుడు కూడా జాను తెనుగులో రాశాడంటే, వినేవాళ్ళ బుద్ధిని తక్కువ అంచనా వేసి కాదు గదా.

ఒక పొరపాటు చాలా పుస్తకాల్లో కనబడుతుంది, నీ నోట రాకూడదు. టీ కొట్టు కెటిల్ మూతి దగ్గర లేచే తెల్లటి దాన్ని చూపి "ఇదే నీటి ఆవిరి" అంటారు. నీటి ఆవిరి కనబడదు. ఆ తెల్లటిది, ఆవిరి చల్లబడి మళ్ళీ చుక్కలైనది. మూతికి ఆనుకొని కొంచెం ఖాళీ చోటు ఉంటుంది, అక్కడ ఏమీ లేనట్టు కనబడుతుంది, ఆవిరి ఉన్నది ఆ ఖాళీలోనే. దూరంగా నిలబెట్టి చూపించు, చెయ్యి మాత్రం పెట్టనియ్యకు. తెల్లటిదే ఆవిరి అనుకున్న పిల్ల, మరగకపోతే నీళ్ళు గాలిలో కలవవని కూడా అనుకుంటుంది. గుట్ట మీది గుంటలో నీళ్ళు ఎన్నడూ మరగలేదు.

పిల్లకు అర్థమైందా లేదా అన్నది నీ వాక్యం తిరిగి అప్పజెప్పిందా అని చూసి తేల్చకు. ఇంతకుముందు చెప్పని సంగతి అడుగు: తడి బట్ట మడత పెట్టి వేస్తే తొందరగా ఆరుతుందా, పరిచి వేస్తేనా? "మడిస్తే లోపలి నీళ్ళకు గాలి తగలదు" అంటే ఆమెకు పట్టుబడింది. "పరిస్తే సూర్యుడు బాగా చూస్తాడు" అంటే పాత కథ ఇంకా పోలేదు, పళ్ళేలు మళ్ళీ నీడలో పెట్టు. ఆ పిల్లను మళ్ళీ గుట్ట మీదికి తీసుకుపోయి, వాన పడ్డాక గుంట అంచు చుట్టూ సుద్దతో గీత గీయించు. తర్వాత రోజూ ఒకే వేళకు నీళ్ళ అంచున కొత్త గీత. మబ్బు పట్టిన రోజు గీతల మధ్య దూరం ఎందుకు తగ్గిందో ఆమె ఏమంటుందో, ఆమె మాటల్లోనే నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ పెద్దనాయన