చప్పట్లతో ఖవ్వాలీ కట్టుకుందాం

మన లక్డీకాపూల్‌కు దగ్గరలోనే నాంపల్లి యూసుఫైన్ దర్గా ఉంది. అక్కడి ఖవ్వాలీ నెమ్మదిగా మొదలై, పోనుపోను ఉరకలెత్తుతుంది. ఆ పద్ధతిలో మేము ఒక బృందగీతం కట్టుకున్న తీరు ఇది.

ముందుగా చిన్న పల్లవి కావాలి. మేము "కలిసి నడుద్దాం, కలిసి చదువుదాం" అని రాసుకున్నాం. దీన్ని 8 మాత్రల కహర్వా తాళంలో పెట్టాం. మొదటి సగం 1వ మాత్రపై, రెండో సగం 5వ మాత్రపై ఎత్తుకుంటాం. చప్పట్లు కూడా ఆ రెండు చోట్లే పడతాయి.

వేగాన్ని చేతి గడియారంతో కొలుస్తాం. మొదట 10 సార్లు పల్లవి పాడడానికి 60 సెకన్లు పట్టాలి. తర్వాత 40, చివరకు 30 సెకన్లు. ఒకరు చరణం పాడేటప్పుడు వేగం మార్చం. అందరం పల్లవి అందుకున్నప్పుడే, డోలక్ దారి చూపితే కొద్దికొద్దిగా పెంచుతాం.

చప్పట్లు డోలక్‌ను తరిమితే పాట చెదురుతుంది. దీనికి రెండు గుర్తులున్నాయి. ఒక్కటిగా పడాల్సిన చప్పుడు "టపటపా" అని చీలుతుంది. "చదువుదాం"లో "వు" వినపడదు. అప్పుడు వెనకటి వేగానికి దిగాలి.

ఆఖర్న ఇంకా పరుగెత్తకుండా మాటలు తగ్గిస్తాం. "కలిసి చదువుదాం" మూడుసార్లు అని, 1వ మాత్ర చప్పట్‌తో అందరం ఒక్కసారిగా ఆగుతాం.