తినగానే దవడ కింద వాపు

ప్రశ్న: నా వయసు 42. నెల రోజులుగా అన్నం తినేటప్పుడు కుడి దవడ కింద ఉబ్బి, నొప్పి పుడుతోంది. గంటలో తగ్గిపోతోంది. పులుపు తింటే మరీ ఎక్కువ. ఎందుకిలా?

జవాబు: మీ లక్షణాలను బట్టి దవడ కింది లాలాజల గ్రంథి నాళంలో రాయి అడ్డుపడిందని అనుమానించాలి. తినేటప్పుడు లాలాజలం ఎక్కువగా ఊరుతుంది. దారి మూసుకుపోతే గ్రంథి ఉబ్బుతుంది.

రాళ్లు ఎక్కువగా ఈ గ్రంథిలోనే ఏర్పడతాయి. చెవి ముందుండే గ్రంథిలో దాదాపు అన్నీ పలుచని స్రావాన్నిచ్చే కణాలే. దాని నాళం బుగ్గ మీదుగా వచ్చి, పై రెండో దవడ పన్ను ఎదుట తెరుచుకుంటుంది. నాలుక కింది గ్రంథిలో జిగురు కణాలు ఎక్కువ. అయితే దానికి చిన్న చిన్న నాళాలు చాలా ఉంటాయి. దవడ కింది గ్రంథిలో పలుచని స్రావపు కణాలే ఎక్కువైనా, జిగురు కణాలూ కలిసి ఉంటాయి. అందుకే స్రావం కాస్త చిక్కగా ఉంటుంది, కాల్షియమూ ఎక్కువే. పైగా సుమారు 5 సెంటీమీటర్ల నాళం ఎగువకు సాగి నాలుక కింద తెరుచుకుంటుంది. దాంతో స్రావం నిలిచి, గట్టిపడుతుంది.

నీళ్లు బాగా తాగండి. గోరువెచ్చని కాపడం పెట్టి, దవడ కింద వెనక నుంచి ముందుకు మెల్లగా నిమరండి. పిన్నుతో పొడవకండి.

ఈ వారంలో ఈఎన్‌టీ వైద్యులను కలిసి అల్ట్రాసౌండ్ చేయించుకోండి. జ్వరం, నాలుక కింద చీము కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. మింగడం, ఊపిరి కష్టమైతే వెంటనే ఆసుపత్రికి చేరండి. తిండితో సంబంధం లేకుండా గడ్డ అలాగే ఉండిపోతే, నొప్పి లేకపోయినా పరీక్ష తప్పనిసరి.