ముందు ఫొటో, ఆ తర్వాతే సైన్ అవుట్

ఈ మధ్య నా టేబుల్ మీదికొచ్చే కుటుంబ తగాదాల ఫైళ్లలో ఒకే వరస కనిపిస్తోంది. భార్యాభర్తలు విడిగా ఉంటారు. అయినా ఆమె ఏ బ్యాంకుకు పోయిందో, ఏ వకీలును కలిసిందో అతనికి అదే రోజు తెలిసిపోతుంది. ఊళ్లో ఎవరో చెప్పి ఉంటారని ఆమె చుట్టాల మీద అనుమానం పెంచుకుంటుంది. చెప్పింది చుట్టాలు కాదు, ఆమె గూగుల్ అకౌంటు. అది అతని దగ్గరున్న ఇంకో ఫోన్లోనో ట్యాబ్‌లోనో తెరిచే ఉంటుంది.

తాజా కేసు పెద్దతిప్పసముద్రం మండలంలోని ఒక పల్లెది. భర్తకు బెంగళూరులో ఉద్యోగం. ఆమె పుట్టింటికొచ్చి భరణం కేసు వేసింది. బి.కొత్తకోటలో బస్సు దిగిన అరగంటకు అతని నుంచి ఫోన్: "అక్కడేం పని నీకు?" ఇది రెండు మూడుసార్లు జరిగాక నా దగ్గరికి వచ్చింది.

"టైమ్‌లైన్ ఆఫ్ చేసేసినాను సార్, అయినా ఎట్లా తెలుస్తాంది?"

చాలామంది ఇక్కడే పొరబడతారు. తిరిగిన చోట్లను దాచే Timeline ఇప్పుడు ఫోన్లోనే ఉంటుంది. ఒకప్పటిలా ఏ కంప్యూటర్లో లాగిన్ అయినా కనబడదు. అంటే ఆమె మూసింది అతను వాడని తలుపు. మిగతావి తెరిచే ఉన్నాయి. పోయిన ఫోన్ వెతకడానికి పెట్టిన Find Hub, అకౌంటు తెరవగలిగిన ఎవరికైనా ఫోన్ ఇప్పుడెక్కడుందో మ్యాపు మీద చూపిస్తుంది. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్‌ను 'ఆపేదాకా' అని ఒకసారి పెడితే, ఎవరో ఒకరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఇక Web & App Activity వేరే సెట్టింగు. వెతికిన మాటలు, మ్యాప్స్‌లో అడిగిన దారులు, కొన్నిసార్లు ఆ వేళ ఉన్న చోటు కూడా అందులో చేరతాయి. Timeline ఆపితే ఇది ఆగదు. ఈ రెండింటి మధ్య జనాన్ని తికమక పెట్టినందుకే అమెరికాలో 40 రాష్ట్రాలతో 2022 నవంబరులో కుదిరిన రాజీలో గూగుల్ 39 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. అమెరికా వాళ్లే తికమక పడ్డారంటే పెద్దతిప్పసముద్రం ఆడబిడ్డను తప్పు పట్టడానికి లేదు.

యాడ్స్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. My Ad Centerలో వ్యక్తిగత ప్రకటనలు ఆపితే, మీ అలవాట్లను బట్టి యాడ్స్ చూపడం ఆగుతుంది. యాడ్స్ ఆగవు, రికార్డు చెరగదు, అవతలి ట్యాబ్‌లో మీ అకౌంటు మూతపడదు. యూట్యూబ్‌లో భరణం గురించి మీరు చూసిన వీడియో హిస్టరీ అక్కడా కనిపిస్తుంది.

ఆమె ఫోన్లో Manage your Google Account తెరిపించాను. Security అనే మాటతో మొదలయ్యే ట్యాబ్‌లో Your devices అని ఉంటుంది. దాన్ని నొక్కితే అకౌంటు ఎక్కడెక్కడ తెరిచి ఉందో వరసగా వస్తుంది. ఆమెకున్నది ఒక్క ఫోను. జాబితాలో ఒక ట్యాబ్ కూడా ఉంది. పెళ్లైన కొత్తలో ఫోన్ కొనిచ్చి అకౌంటు తెరిచింది భర్తే. పాస్‌వర్డ్ అతనికి తెలుసు, రికవరీ నంబరూ అతనిదే.

అక్కడ చూపే ఊరి పేరును నమ్మి ఎవరి మీదా కేసు పెట్టకండి. మొబైల్ డేటా మీద ఉన్న ఫోన్ మన పల్లెలో ఉన్నా బెంగళూరు అనో చెన్నై అనో చూపించవచ్చు. ఈమె సొంత ఫోనే బెంగళూరులో ఉన్నట్టు కనబడింది. చూడాల్సింది పరికరం మోడలు, మొదట లాగిన్ అయిన తేదీ, చివరిసారి వాడిన సమయం. ఆ ట్యాబ్ వాడిన సమయాలు, అతని ఫోన్లు వచ్చిన సమయాలు పక్కపక్కన రాసుకుంటే సరిపోయాయి.

నేను ఫైల్లో కాగితం వెతుక్కునే లోపల ఆమె తమ్ముడు ఫోన్ తీసుకొని ఆ ట్యాబ్‌ను Sign out కొట్టబోయాడు. చెయ్యి పట్టుకొని ఆపాను. ఇంతకుముందు వచ్చినవాళ్లలో కొందరు ఆ పనే చేసి, పైగా ఫోన్ రీసెట్ కూడా చేసి, ఒట్టి చేతులతో వచ్చి "సాక్ష్యం మీరే తెప్పించండి" అన్నారు. ఎక్కడినుంచి తెప్పించను? ఈమధ్యటి భద్రతా హెచ్చరికల పేజీ 28 రోజుల సంగతులే చూపిస్తుంది. Timeline ఫోన్లోనే ఉంటుంది కనుక, బ్యాకప్ లేకుండా రీసెట్ చేస్తే పోయినట్టే. అందుకే మళ్లీ చెబుతున్నాను: ముందు ఫొటో, ఆ తర్వాతే సైన్ అవుట్.

మేం చేసిన క్రమం ఇది. ఇంకో ఫోనుతో ఆ జాబితాను, ట్యాబ్ వివరాల పేజీని, రికవరీ నంబరు పేజీని ఫొటోలు తీశాం. ఫోన్ జాడ వెతికినట్టు అప్పుడప్పుడు వచ్చే నోటిఫికేషన్‌ను ఆమె ఇన్నాళ్లూ తోసేస్తూ వచ్చింది. అది ఈసారి ఉండిపోయింది, దాన్నీ తీశాం. ఫైళ్లను వాట్సాప్‌లో పంపుకోకుండా అలాగే ఉంచాం. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ రాయాలి. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, ఆ విలువ మారిపోతుంది. ఆ తర్వాత రికవరీ నంబరు, ఈమెయిలు మార్చాం, ఆపైన పాస్‌వర్డ్, అన్నిటికన్నా చివర ట్యాబ్ సైన్ అవుట్. రికవరీ నంబరు వదిలేసి పాస్‌వర్డ్ మారిస్తే అవతలివాడు ఆ నంబరుతోనే తిరిగి లోపలికి రావచ్చు.

"దొంగతనంగా తీసిన సాక్ష్యం కోర్టులో చెల్లదు కదా సార్" అంటారు కొందరు. ఆ ధీమా పెట్టుకోవద్దు. భార్య ఫోన్ మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసిన కేసులో, 2025 జూలై 14న సుప్రీంకోర్టు ఆ రికార్డును వైవాహిక వ్యాజ్యంలో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. చాటుగా తీశాడన్న ఒక్క కారణంతో మీ మీద వచ్చే మ్యాపు ప్రింటవుట్లు చెత్తబుట్టలోకి పోవు.

అలాగని హక్కు లేదని కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. 2024 జూలైలో, బెయిల్ మీదున్న నిందితుడు గూగుల్ మ్యాప్స్ పిన్ పెట్టి దర్యాప్తు అధికారికి కనిపిస్తూ ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. అకౌంటులోకి అనుమతి లేకుండా, మోసపు ఉద్దేశంతో చొరబడటం ఐ.టి. చట్టం సెక్షన్ 66 కింద నేరం. ఒక మగవాడు ఆడమనిషి ఇంటర్నెట్, ఈమెయిలు వాడకంపై నిఘా పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 వర్తిస్తుంది. అకౌంటు తెరిచిందీ నేనే, అనుమతి ఉందని భర్త వాదిస్తాడు. అందుకే, ఇక చూడవద్దని తేదీతో సహా ఒక మెసేజో నోటీసో ముందే పంపడం మేలు.

స్టేషన్లో "మొగుడూ పెళ్లాల గొడవ, మాకెందుకు" అనో, "ఐ.టి. కేసులు ఇన్‌స్పెక్టర్ చూడాలి" అనో పంపేస్తారు. రెండో మాటలో సగం నిజం ఉంది. ఐ.టి. చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. కానీ ఫిర్యాదు తీసుకోవడానికి అది అడ్డు కాదు. తీసుకోకపోతే దాన్నే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపి, రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. cybercrime.gov.inలో కూడా ఫిర్యాదు ఇవ్వచ్చు.

ఈ రాత్రికే ఆ Your devices పేజీ తెరవండి. మీది కాని పరికరం కనిపిస్తే ఏదీ నొక్కకుండా ఫొటో తీసి, ఫోన్ రీసెట్ చేయకుండా అలాగే వకీలు దగ్గరికి తీసుకుపోండి.