ముఖం మీద దోమతెర పడకుండా

ప్రశ్న: మా తాతగారి ఫొటోను లినోకట్ ముద్రలా మార్చాలని గింప్‌లో అడ్డగీతలు వేశాను. ముఖానికి దోమతెర కప్పినట్టుంది. ఏం చేయాలి?

జవాబు: గీతలు ముఖమంతా ఒకేలా పరచడం వల్ల అలా అయింది. ముందు ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, Gaussian Blur కొద్దిగా ఇవ్వండి. లేదంటే చర్మం మీది గరుకంతా మిరియప్పొడి చల్లినట్టు చుక్కలుగా తేలుతుంది.

తర్వాత Threshold విలువను 190, 130, 70 దగ్గర పెట్టి మూడు కాపీలు తీయండి. 190 కంటే వెలుగున్న నుదురు, ముక్కు కొస తెల్లగానే వదిలేయాలి. అంతకన్నా ముదురుగా ఉన్న చోటంతా మొదటి వరుస గీతలు, 130 లోపు రెండోవి, 70 లోపు మూడోవి. మొదటి గీతలు నీడలోకి కూడా సాగాలి, నీడ అంచున తెగిపోకూడదు. ఈ కాపీలను గీతల లేయర్లకు మాస్కులుగా పెట్టేముందు Invert చేయండి. మాస్కులో తెలుపున్న చోటే గీత కనిపిస్తుంది మరి.

ఇక అసలు సంగతి దిశ. రెండో వరుసను లంబకోణంలో కాక 30 డిగ్రీల తేడాతో దాటించండి. వాలు గళ్ళు పడి వలలా అనిపించదు. మొదటి వరుసను మాత్రం Warp Transform తో బుగ్గ గుండ్రదనం వెంట వంచండి. గీత తిన్నగా ఉంటే ముఖం పలకలా చదునుగా కనిపిస్తుంది. మెడ, చొక్కా దగ్గర ఇంత శ్రమ అక్కర్లేదు.