పిలిచి మందలిస్తే సరిపోదా?

ప్రశ్న: మేనేజర్ రాత్రిళ్లు అసభ్య మెసేజ్‌లు పెడుతున్నాడని ఒక ఉద్యోగిని నాతో నోటిమాటగా చెప్పింది. నేను హెచ్ఆర్‌లో ఉన్నాను. అతణ్ణి పిలిచి అడగనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. లైంగిక వేధింపుల ఫిర్యాదును విచారించాల్సింది 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత కమిటీ. హెచ్ఆర్ ఒక్కరే కాదు. మీరు ముందే పిలిస్తే అతను మెసేజ్‌లు చెరిపేయవచ్చు, ఆమెపై ఒత్తిడీ తేవచ్చు. ఫిర్యాదు రాతలో పెట్టడానికి కమిటీ సభ్యులు సాయం చేయాలి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలని ఆమెకు చెప్పండి.

స్క్రీన్‌షాట్‌లతో సరిపెట్టకుండా ఫోన్‌లోని అసలు మెసేజ్‌లు, తేదీలతో సహా, కమిటీ చూడాలి. ఒక్క వాక్యం తుంచి చూస్తే అర్థం మారిపోతుంది. ఫిర్యాదు ప్రతి అతనికీ అందాలి. అతని సాక్షుల మాటా వినాలి. సాక్షుల్ని విడివిడిగా పిలిచి, వారి మాటల్లోనే రాసుకుని సంతకం తీసుకోవాలి. పేర్లు మీటింగ్ ఆహ్వానాల నుంచీ బయటికి పొక్కవచ్చు. క్యాలెండర్‌లో ‘విచారణ’ అని రాయకండి.

ఆమె రాతపూర్వకంగా కోరితే, విచారణ సాగుతుండగానే ఇద్దరిలో ఒకరిని వేరే టీముకు మార్చమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆరోపణ రుజువైతే శిక్ష తప్పు తీవ్రతను బట్టి ఉండాలి: క్షమాపణ లేఖ, ఇంక్రిమెంట్ నిలిపివేత, ఉద్యోగం నుంచి తొలగింపు. అతను మంచి పనిమంతుడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. రుజువు కానంత మాత్రాన ఆమె అబద్ధం చెప్పినట్టూ కాదు.